ఊళ్లో ఆరుబయట సినిమా వేయాలంటే: ఏది ఎంచుకోవాలి, ఎవరిని అడగాలి

సంక్రాంతికి ఊరొచ్చిన వాళ్లలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు "ఈసారి తెర కట్టి సినిమా వేద్దాంరా" అంటారు. అన్న ఐదు నిమిషాల్లోనే అందరూ ఫోన్లు తీసి ప్రొజెక్టర్ అద్దె ఎంతో కనుక్కోవడం మొదలుపెడతారు. అక్కడే తప్పుతుంది. మేమూ మొదటి ఏడాది అలాగే చేశాం. ముందు ప్రొజెక్టర్, తర్వాత తెర, తర్వాత మైక్ సెట్, మధ్యాహ్నం దాకా ఏ సినిమానో తేలలేదు, సాయంత్రం నాలుగింటికి ఎవరో "పోలీసులకి చెప్పారా?" అని అడిగితే అప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండో ఏడాది మొత్తం తిరగేసి, ముందు సినిమా, దాని తర్వాత అనుమతులు, ఆ తర్వాతే సామాను అనుకున్నాం. ఖర్చు తగ్గింది, టెన్షన్ ఇంకా తగ్గింది. ఆ వరసలోనే చెప్తాను.

గడియారం చూసి సినిమా ఎంచుకోండి

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్పేది ఇదే. పండుగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, కానీ అది రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించే రోజులకే, ఏడాది మొత్తానికి 15 రోజులు మించకుండా. మన సినిమా రోజు ఆ పదిహేనులో ఉంటుందిలే అనుకుని దిగొద్దు. కాబట్టి 10కి తెర ఆగిపోవాలి, అది ఖాయం.

ఇక మొదలు ఎప్పుడు అనేది సూర్యుడి చేతిలో ఉంది. గుంటూరు, కృష్ణా వైపు సంక్రాంతి రోజుల్లో దాదాపు 5:50కి పొద్దు కూకుతుంది, తెర మీద బొమ్మ స్పష్టంగా కనబడే చీకటికి ఇంకో అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. అంటే ఆరున్నరకి మొదలుపెట్టొచ్చు, చేతిలో మూడున్నర గంటలు ఉంటాయి. అదే మే నెల సెలవుల్లో అయితే పొద్దు కూకేదే దాదాపు 6:30కి, మొదలయ్యేది ఏడుంబావుకి, మిగిలేది రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. అందులో ఇంటర్వెల్, మధ్యలో ఒకసారి కరెంటు పోవడం, సర్పంచ్‌గారి నాలుగు మాటలు తీసేస్తే రెండుంబావు గంటల సినిమా కూడా ఇరుకే. వేసవిలో వేద్దామనుకునేవాళ్లు రెండు గంటల లోపు సినిమా చూసుకోండి. పెద్ద సినిమా వేయాలని ఉంటే చలికాలానికి పెట్టుకోండి. మైకు పట్టుకునే పెద్దలకి మాత్రం సినిమా ముందే చోటివ్వండి, ఇంటర్వెల్‌లో ఇస్తే ఆ సభ ముగియదు.

సినిమా ఎక్కడినుంచి: మూడు దారులు

"టికెట్ పెట్టట్లేదు కదా, ఫ్రీ షోకి ఎవరి పర్మిషన్ ఎందుకు?" అని అందరూ అడుగుతారు. కాపీరైట్ చట్టం డబ్బు తీసుకున్నారా లేదా అని కాదు, జనానికి చూపించారా లేదా అని చూస్తుంది. మన చేతిలో ఉన్న ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే, డీవీడీ కూడా అంతే, యూట్యూబ్‌లో నిర్మాత స్వయంగా పెట్టిన సినిమా అయినా వాళ్ల షరతుల ప్రకారం సొంతంగా చూసుకోవడానికే. లాభం కోసం చేయలేదని నిరూపిస్తే శిక్ష తగ్గొచ్చేమో గానీ నేరం కాకుండా పోదు. సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా అని రాసుంది. ఊళ్లో ఎవరూ కేసు పెట్టరనే మాట నిజమే కావచ్చు, కానీ ఎలాగూ పంచాయతీ లెటర్‌హెడ్ మీద పోలీసులకి అర్జీ రాస్తున్నాం కదా, అందులో సినిమా పేరు మనమే రాసి ఇస్తాం.

మొదటి దారి, హక్కులున్న వాళ్ల దగ్గర లేఖ తీసుకోవడం. కొత్త సినిమాకి ఇది దాదాపు జరగదు, ఎందుకంటే ఒకే సినిమా థియేటర్ హక్కులు ఒకరి దగ్గర, టీవీ హక్కులు ఇంకొకరి దగ్గర, ఓటీటీ హక్కులు మరొకరి దగ్గర ఉంటాయి, మన ఊరి ఒక్క షో కోసం కాగితాలు తిరగేసే ఓపిక ఎవరికీ ఉండదు. కానీ చిన్న బడ్జెట్‌లో తీసి, థియేటర్లలో వారం ఆడి వెళ్లిపోయిన మంచి సినిమాలు ఉంటాయి చూడండి, వాటి దర్శకులు, నిర్మాతలు చాలాసార్లు సంతోషంగా ఒప్పుకుంటారు. ఊరి పేరు, తేదీ, ఎంతమంది వస్తారు, టికెట్ లేదు, ఒక్కసారే వేస్తాం, ఫైలు ఆ రాత్రే చెరిపేస్తాం అని ఆరు ముక్కలు రాసి మెయిల్ పెట్టండి. సరే అన్నారంటే కాపీ కూడా వాళ్లనే అడగండి, ఎక్కడో దొరికిన కాపీ కంటే వెయ్యి రెట్లు నయం. ఇక పిల్లల సినిమాలు కావాలంటే కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీని అడగొచ్చు. పాత బాలల చిత్ర సమితి 2022లో అందులోనే కలిసిపోయింది.

రెండో దారి, హక్కు కాలం తీరిన పాత సినిమా. మన దేశంలో సినిమా మీద హక్కు, విడుదలైన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన మాయాబజార్ లెక్క వేస్తే 2017 డిసెంబర్ 31తో తీరిపోయింది. కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి, 2010లో విడుదలైన రంగుల మాయాబజార్ వేరు, అది కొత్తగా తయారుచేసింది, నలుపు తెలుపు సినిమాకి వేసిన లెక్క దానికి వేయకూడదు. రెండోది ఇంకా సన్నది. సినిమా మీద హక్కు వేరు, అందులోని మాటలు, పాటల మీద రచయిత హక్కు వేరు, అది రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు నడుస్తుంది. మాయాబజార్‌కి మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు పోయింది 1971లో, అంటే ఆ లెక్క 2031 చివరిదాకా ఉంది. అందుకే పాత సినిమా అయినా దాన్ని తీసిన సంస్థ వారసులకో, ప్రస్తుతం హక్కులు తమవంటున్న వాళ్లకో ఒక ఉత్తరం రాసి పెట్టుకోవడం మంచిదంటాను. కొత్త సినిమా కోసం అడగడం కంటే ఇది చాలా తేలిక.

మూడో దారి చాలామందికి తెలియదు. బడి కార్యక్రమంలో భాగంగా, బడి సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, బడితో సంబంధమున్న వాళ్లు మాత్రమే ప్రేక్షకులుగా సినిమా చూపిస్తే, సెక్షన్ 52 ప్రకారం అది ఉల్లంఘన కిందికి రాదు. ఊరి హైస్కూల్లో వార్షికోత్సవం రోజు హెడ్‌మాస్టర్ గారే పెట్టే షో అయితే ఇది సరిగ్గా సరిపోతుంది. కానీ పేరుకి బడిది అని చెప్పి ఊరందరికీ టముకు వేయించారంటే ఈ మినహాయింపు వర్తించదు. ఇదే సెక్షన్‌లో ఔత్సాహిక క్లబ్బులు ఉచితంగా ఆడే నాటకాలకి, పాటలకి కూడా మినహాయింపు ఉంది, దాన్ని చూపించి కొందరు సినిమాకీ వర్తిస్తుందంటారు. ఆ వాక్యంలో నాటకం, సంగీతం ఉన్నాయి, సినిమా లేదు.

నా మటుకు నేను ఊరంతటికీ అయితే రెండో దారి, బడి వరకే అయితే మూడో దారి అంటాను. మొదటి దారికి కనీసం రెండు నెలలు ముందు బయల్దేరాలి.

ఆఫీసుల్లో పని

స్థలం పంచాయతీదైతే పంచాయతీ తీర్మానమో, కనీసం కార్యదర్శి సంతకం పెట్టిన కాగితమో తీసుకోండి. గుడి స్థలమైతే గుడి కమిటీది. మైకుకి పోలీసుల దగ్గర రాతపూర్వక అనుమతి తప్పనిసరి, ఊరి స్టేషన్‌లో అర్జీ ఇస్తే ఎవరి సంతకం కావాలో వాళ్లే చెప్తారు. పక్కన వంద మీటర్లలోపు ఆసుపత్రి, బడి, కోర్టు ఉంటే అది నిశ్శబ్ద ప్రాంతం లెక్కలోకి రావచ్చు, స్థలం ఖాయం చేసుకునే ముందే అది చూసుకోండి.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. మన రెండు రాష్ట్రాల్లోనూ 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం వారసత్వంగా వచ్చింది, లైసెన్స్ లేని చోట సినిమా ప్రదర్శించకూడదని అది చెబుతుంది. టూరింగ్ టాకీసులకి ఒకప్పుడు తాత్కాలిక లైసెన్సులు ఇచ్చింది దాని కిందే. ఒక్క రాత్రి ఉచిత షోకి ఏం కావాలో జిల్లాల్లో రెవెన్యూ అధికారులని, హైదరాబాద్‌లో అయితే పోలీస్ కమిషనర్ కార్యాలయాన్ని ముందే అడిగి, వాళ్లు చెప్పింది కాగితం మీద తెచ్చుకోండి. మా అర్జీలో ఉచితం అని, ఒక్కరోజే అని, సెన్సార్ సర్టిఫికెట్ ఉన్న సినిమా అని మూడూ రాశాం. ఆ మూడో మాట ముఖ్యం. బహిరంగంగా చూపించే ఏ సినిమాకైనా సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి, ఊరి కుర్రాళ్లు తీసిన షార్ట్ ఫిల్మ్‌కి కూడా చట్టం అక్షరాలా చూస్తే అదే మాట. పిల్లలు ముందు వరసలో కూర్చునే షో కాబట్టి 'ఎ' సర్టిఫికెట్ సినిమాల ఊసే వద్దు.

తెర: గోడ, ఫ్లెక్స్, ఎల్ఈడీ

సున్నం వేసిన చదునైన గోడ ఉంటే దాన్ని మించింది లేదు. గాలికి ఊగదు, కట్టే పని లేదు, ఖర్చు ఒక డబ్బా తెల్ల డిస్టెంపర్. మెరిసే పెయింట్ మాత్రం వద్దు, ప్రొజెక్టర్ దీపం మధ్యలో మచ్చలా కనబడుతుంది.

దుప్పటి గురించి ఒక్క మాట. మొదటి ఏడాది మేం రెండు తెల్ల దుప్పట్లు కలిపి కుట్టించాం, వెలుతురులో సగం దుప్పటి వెనక్కి దూరిపోయింది, తెర వెనక కూర్చున్న కుర్రాళ్లకి కూడా సినిమా కనిపించింది, కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగబడి. వెనక నల్లగా ఉండే ఫ్లెక్స్ దొరుకుతుంది, దాని తెల్ల వైపు ఏమీ ముద్రించకుండా ఇవ్వమని ఫ్లెక్స్ షాపులో అడగండి, నున్నగా మెరిసేది కాకుండా మ్యాట్‌ది. చుట్టూ అడుగుకొక రింగు వేయించుకుంటే తాళ్లు లాగి కట్టడం సులువు.

గాలిని తక్కువ అంచనా వేయొద్దు. పదహారు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు తెర మీద గంటకి 30 కిలోమీటర్ల గాలి తగిలితే యాభై కిలోల పైన బరువు దాన్ని తోస్తున్నట్టే. టెంట్ హౌస్ వాళ్లు షామియానాకి పాతినట్టు రెండు సరుగుడు కర్రలు పాతి వదిలేస్తే సరిపోదు, ఒక్కో కర్రకి ముందుకొకటి వెనక్కొకటి తాడు లాగి మేకులకి కట్టించండి. సంక్రాంతి రాత్రుల్లో గాలి పెద్దగా ఉండదు. మే నెలలో ఈదురుగాలి చెప్పకుండా వస్తుంది, అప్పుడు తెర దించేయడం తప్ప దారి లేదు, కాబట్టి ముడులు చటుక్కున విప్పేలా ఉండాలి.

ఎల్ఈడీ స్క్రీన్ ఇప్పుడు పెళ్లిళ్లకి, మీటింగులకి ప్రతిచోటా వస్తోంది కదా, అదే పెట్టేద్దాం అంటారు కొందరు. దాని గొప్పతనం ఒక్కటే, వీధి లైట్లు వెలుగుతున్నా, ఇంకా చీకటి పడకపోయినా బొమ్మ కనిపిస్తుంది. పీ4 రకం ఎల్ఈడీ స్క్రీన్ అంటే నాలుగు మిల్లీమీటర్లకి ఒక చుక్క అని, పన్నెండడుగుల వెడల్పులో తొమ్మిది వందల చుక్కలే పడతాయి, దగ్గర కూర్చున్న పిల్లలకి గళ్లు గళ్లుగా కనబడుతుంది, పదిహేను అడుగుల వెనక నుంచి బాగుంటుంది. అద్దె ప్రొజెక్టర్‌కి ఎన్నో రెట్లు, జనరేటర్ వేరే. పైగా రాత్రిపూట పూర్తి వెలుగులో పెడితే కళ్లు మండిపోతాయి, ఆపరేటర్‌తో చెప్పి బాగా తగ్గించాలి. లైట్లు ఆపడం మీ చేతిలో లేని మెయిన్ రోడ్డు పక్క స్థలమైతే ఎల్ఈడీ. లేకపోతే ప్రొజెక్టరే.

ప్రొజెక్టర్: ల్యూమెన్ల కంటే స్విచ్చి బలమైంది

ఆన్‌లైన్‌లో కొన్నివేలకే దొరికే చిన్న ఆండ్రాయిడ్ ప్రొజెక్టర్ల పెట్టె మీద వెలుగు 9000 ల్యూమెన్లు అని ఉంటుంది. పడగ్గదిలో గోడ మీద సరే, ఊరి తెరకి అది దీపం బుడ్డి. అడగాల్సింది ఆన్సీ ల్యూమెన్లు, అంటే ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు, ఎన్నని. ఆ మాట చెప్పలేని ప్రొజెక్టర్‌ని పక్కన పెట్టండి.

పదహారు బై తొమ్మిది అడుగుల తెర అంటే 144 చదరపు అడుగులు. దాని మీద 3000 ఆన్సీ ల్యూమెన్లు వేస్తే చదరపు అడుగుకి దాదాపు 21 పడతాయి. సినిమా హాల్లో తెర మీద ఉండాల్సిన వెలుగు ఈ కొలతలో పద్నాలుగు. అద్దె ప్రొజెక్టర్ దీపం పాతబడి, దుమ్ము పట్టి సగమే ఇచ్చినా పది దాకా పడుతుంది, చీకట్లో అది చాలు. కాబట్టి ఈ సైజుకి 3000 నుంచి 4000 మధ్యది తీసుకుంటే ఇబ్బంది లేదు, ఇంకా పెద్దది కావాలని డబ్బు పోయొద్దు.

అసలు శత్రువు వీధి దీపం. పై లెక్కలో తెర మీద ప్రొజెక్టర్ వేసే గట్టి తెలుపు 220 లక్స్, అంటే చదరపు మీటరుకి అన్ని ల్యూమెన్లు ఉంటుంది, పక్క స్తంభం దీపం తెర మీద పది లక్స్ వేసిందనుకోండి, సినిమాలో నల్లగా ఉండాల్సిన చోటంతా ఆ పది లక్స్ బూడిద రంగు ఉంటుంది. రాత్రి సీన్లు, నల్లటి జుట్టు, చీకటి గదులు అన్నీ పాలిపోతాయి. రెండింతల ల్యూమెన్ల ప్రొజెక్టర్ తెచ్చినా ఆ తేడా సగమే తగ్గుతుంది, ఆ ఒక్క దీపం ఆపితే మొత్తం పోతుంది. వీధి దీపాలు ఎవరు వేస్తారో ఆ పంచాయతీ మనిషితో రెండు రోజుల ముందే మాట్లాడుకోండి. తెర మీద వెలుగు వేసే దీపాలు మాత్రమే ఆపించండి, దారిలోవి వద్దు, ముసలివాళ్లు తిరిగి వెళ్లాలి.

ఇక్కడే పాత సినిమా ఎంచుకున్నందుకు మాకు ఒక లాభం కలిసొచ్చింది. అప్పటి సినిమాల ఫ్రేమ్ దాదాపు నాలుగుకి మూడు, ఇప్పటి వెడల్పు ప్రొజెక్టర్‌లో వేస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, అంటే వెలుతురులో పావు వంతు వృథా. ఆఫీసుల్లో, కాలేజీల్లో మూలన పడి ఉండే పాత నాలుగు-మూడు ప్రొజెక్టర్, 1024×768 రకం, చాలా తక్కువ అద్దెకి దొరుకుతుంది, నలుపు తెలుపు సినిమాకి దానికి మించింది అక్కర్లేదు. పన్నెండు బై తొమ్మిది తెర కట్టాం, తెర నిండా బొమ్మ వచ్చింది. కొత్త సినిమాస్కోప్ సినిమా అయితే అదే ప్రొజెక్టర్ చెడ్డ ఎంపిక, పైనా కిందా నల్ల పట్టీలు పోగా బొమ్మ రిబ్బన్ ముక్కంత మిగులుతుంది.

ప్రొజెక్టర్ ఎంత దూరం పెట్టాలో కూడా తీసుకునే ముందే అడగండి. మామూలు వాటికి తెర వెడల్పుకి ఒకటిన్నర రెట్లు, అంటే పన్నెండడుగుల తెరకి పద్దెనిమిది అడుగులు. అది సరిగ్గా జనం మధ్యలోకి వస్తుంది. అందుకని దాన్ని మనిషి తల కంటే ఎత్తు మంచె మీద పెట్టి, చుట్టూ తాడు కట్టండి, లేదంటే రెండు గంటలూ తెర మీద పిల్లల చేతులతో కుక్క, కుందేలు బొమ్మలే. మరీ ఎత్తులో పెట్టి కిందికి వంచితే బొమ్మ బోర్లించిన గంపలా కింద పక్కలకి సాగుతుంది, కీస్టోన్ నొక్కి సరిచేయొచ్చు గానీ చేసినకొద్దీ స్పష్టత పోతుంది, తెరనే కొంచెం ఎత్తితే ఆ బాధ తగ్గుతుంది.

సౌండ్ మీద డబ్బు పెట్టండి

బొమ్మ మసగ్గా ఉన్నా జనం చూస్తారు. మాట వినబడకపోతే పది నిమిషాల్లో లేచిపోతారు. మిగిలిన డబ్బంతా ఇక్కడ పెట్టండి.

ఊళ్లో దొరికే మైక్ సెట్ రెండు రకాలు. చెట్టుకి కట్టే గొట్టాల మైకు ఒకటి, దానికి మనిషి గొంతు దూరం మోయడం బాగా తెలుసు, కానీ సినిమా దానికి పనికిరాదు, బరువైన ధ్వని అసలు రాదు, ఘటోత్కచుడి గొంతు కూడా రేడియో వార్తల్లా వస్తుంది. రెండోది డీజే సెట్, బేస్ బాక్సుల గోడ, అందులో గుండె అదురుతుంది గానీ మాటలు మునిగిపోతాయి. మనకి కావాల్సింది ఈ రెండింటికీ మధ్యలోది, స్టాండ్ల మీద పెట్టే పన్నెండో పదిహేనో అంగుళాల స్పీకర్లు రెండు, చిన్న మిక్సర్ ఒకటి. డీజే వాళ్ల దగ్గరే ఉంటాయి, 'టాప్స్ రెండు చాలు, బేస్ బాక్సులు వద్దు' అని చెప్పండి. వాళ్లకి నచ్చదు, అయినా చెప్పండి.

రెండింటినీ తెరకి అటూ ఇటూ పెట్టి, తలల కంటే పైకి, ఎనిమిదడుగులకి లేపి, మూతి చివరి వరస వైపు తిప్పండి. నేల మీద పెడితే ముందు వరస పిల్లల చెవులు పగులుతాయి, వెనక ఏమీ వినబడదు, ఎందుకంటే దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబుల్స్ పడిపోతాయి. వెనకవాళ్లకి వినబడట్లేదని మధ్యలో ఇంకో రెండు స్పీకర్లు పెట్టిస్తామంటారు మైక్ సెట్ వాళ్లు. ఒప్పుకోవద్దు. ముందు స్పీకర్ ధ్వని అరవై అడుగుల వెనక్కి చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది, పక్కనున్న స్పీకర్‌ది వెంటనే వినబడుతుంది, ఒకే మాట మసగ్గా రెండుసార్లు విన్నట్టుంటుంది. వెనక స్పీకర్ ధ్వనిని ఆలస్యం చేసే డిలే మిక్సర్‌లో ఉంటే తప్ప అదనపు స్పీకర్లు చెరుపే.

ఇప్పుడు మొదటి ఏడాది మా పరువు తీసిన సంగతి. టెస్ట్ చేద్దామని ల్యాప్‌టాప్ నుంచి ఒక పాట పెట్టాం, వాయిద్యాలు బ్రహ్మాండంగా వస్తున్నాయి, గాయకుడి గొంతు లేదు. సినిమా పెడితే వెనక సంగీతం ఉంది, గుర్రాల డెక్కలు ఉన్నాయి, మనుషులు మాత్రం పెదాలు కదుపుతున్నారు. ఫైలు పాడైందని ఒకరు, స్పీకర్ పోయిందని ఒకరు, ల్యాప్‌టాప్ మార్చారు, ఫైలు మళ్లీ ఎక్కించారు, ముక్కాలు గంట పోయింది. సంగతేంటంటే ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి వచ్చేది కుడి ఎడమ రెండు ధ్వనులు, దాన్ని రెండువైపులా ఒకే రకం పిన్ను ఉన్న వైరుతో మిక్సర్‌లో ఒకే మైక్ చానల్‌లోకి గుచ్చారు. ఆ చానల్ ఒకదాంట్లోంచి ఇంకొకదాన్ని తీసేస్తుంది. మాటలు రెండువైపులా సమానంగా ఉంటాయి కాబట్టి అవే కొట్టుకుపోతాయి, తేడాగా ఉన్న సంగీతం మిగులుతుంది. మందు చాలా చిన్నది: ఒకవైపు చిన్న పిన్ను, రెండోవైపు రెండు విడి పెద్ద పిన్నులు ఉన్న వైరు, వాటిని రెండు చానళ్లలో పెట్టాలి. ఎలక్ట్రానిక్స్ షాపులో వంద, రెండొందలకి దొరుకుతుంది. దాన్ని మైక్ సెట్ వాళ్లు తెస్తారని ఊరుకోకుండా మీరే కొని జేబులో పెట్టుకోండి.

మాటలు పూర్తిగా పోకుండా సన్నగా వినబడి పాటలు మాత్రం హోరెత్తితే అది వేరే జబ్బు. ఫైలులో ఆరు చానళ్ల సౌండ్ ఉండి, మాటలున్న మధ్య చానల్ మనకి చేరట్లేదు. ప్లేయర్‌లో ఆడియోని స్టీరియోకి మార్చండి. ఇక పెదాలకి మాటలకి పొంతన తప్పితే ముందు బ్లూటూత్ తీసేసి వైరు పెట్టండి, ఎక్కువగా దోషం దానిదే. ఇంకా కొంచెం తేడా ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో `J` నొక్కితే ధ్వని ముందుకి, `K` నొక్కితే వెనక్కి జరుగుతుంది, ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు. చివరి వరసలో ఒకరిని నిలబెట్టి కాదు, మధ్య వరసలో నిలబెట్టి సరిచేయండి. బొయ్యిమని ఒకటే మోత వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ ఒకసారి పీకి చూడండి. మోత ఆగితే ల్యాప్‌టాప్‌నీ మిక్సర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చండి.

సినిమా ముందు జనాన్ని పిలవడానికి పాటలు వేస్తారు కదా, ఆ రికార్డు పాటలకీ బహిరంగంగా వేస్తే విడిగా లైసెన్స్ ఉంటుంది. మేం పాటలు మానేసి ఊరి భజన బృందాన్ని కూర్చోబెట్టాం.

కరెంటు, కూర్చోబెట్టడం

ప్రొజెక్టర్, రెండు స్పీకర్లు, ల్యాప్‌టాప్ అన్నీ కలిపినా ఒక కిలోవాట్ దాటదు, పక్క ఇంటి నుంచి మంచి వైరు లాగితే సరిపోతుంది. స్తంభం మీద కొక్కెం వేద్దామనే మాట ఎవరన్నా అంటే వాళ్లని ఆ రోజు కుర్చీల డ్యూటీకి పంపండి. జనరేటర్ కావాలనుకుంటే దూరంగా, తెర వెనక వైపు, గోడ చాటున పెట్టించండి, లేకపోతే సౌండ్ మీద పెట్టిన డబ్బంతా దాని రొదలో పోతుంది. నేనైతే కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ ఒకటి తెచ్చి ప్రొజెక్టర్‌కి పెట్టమంటాను. పాత దీపం రకం ప్రొజెక్టర్ వేడి మీద ఉండగా కరెంటు పోతే లోపలి ఫ్యాన్ ఆగిపోయి దీపం దెబ్బతింటుంది, మళ్లీ వెలగడానికి కూడా చల్లారేదాకా ఆగాలి. ఆ దీపం ఖరీదు అద్దెకిచ్చినవాడు మన దగ్గరే వసూలు చేస్తాడు.

కుర్చీలా, పట్టాలా అంటే రెండూ. తెరకి పన్నెండడుగులు వదిలి పిల్లలకి పట్టాలు, వాటి వెనక కుర్చీలు, చివర నిలబడి చూసే మగవాళ్లకి జాగా, వాళ్లకి కుర్చీ వేసినా కూర్చోరు. తెర కింది అంచు నేల నుంచి ఐదడుగులైనా ఉండాలి, లేకపోతే రెండో వరస కుర్చీలకి ముందువాళ్ల జడల వెనక సగం సినిమా పోతుంది. తొమ్మిదడుగుల ఎత్తు తెరకి చివరి వరస అరవై అడుగులు మించితే మొహాలు తెలియవు. ఆ లెక్కన మాకు నూట యాభై కుర్చీలు సరిగ్గా పట్టాయి, మధ్యలో నాలుగడుగుల దారి వదిలాం, మోకాళ్ల నొప్పుల వాళ్లని ఆ దారి పక్కన కూర్చోబెట్టాం. ప్రొజెక్టర్ మంచె కూడా ఆ దారిలోనే పెడితే ఎవరి చూపుకీ అడ్డం రాదు, వైర్లు మాత్రం పట్టాల కిందనుంచి తీసి టేపు వేయండి.

మా రెండో ఏడాది షో 6:40కి మొదలైంది, సినిమా మూడు గంటల పైచిలుకు, ఇంటర్వెల్ ఏడు నిమిషాలు, 9:55కి స్పీకర్లు ఆపేశాం. సంక్రాంతి మంచు ఎనిమిదిన్నర నుంచే దిగడం మొదలైంది. కుర్చీలు తడిశాయి, ఫ్లెక్స్ మీద నీళ్లు సన్నగా కారాయి, బొమ్మకి ఏమీ కాలేదు. మిక్సర్ మీద మాత్రం ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచండి, ప్రొజెక్టర్ మీద కప్పొద్దు, దాని గాలి ఆగిపోతుంది, పైన నాలుగు కర్రలు పాతి చిన్న పందిరిలా వేయండి. షో అవ్వగానే లెన్స్ మూత పెట్టి, ఫ్యాన్ దానంతటదే ఆగేదాకా ప్లగ్ పీకకండి. కుర్చీలు ఆ రాత్రే లెక్కపెట్టి టెంట్ హౌస్ కుర్రాడితో సంతకం పెట్టించుకోండి, పొద్దున లెక్కపెడితే మాకు ఆరు తగ్గాయి, నాలుగు రచ్చబండ దగ్గర దొరికాయి.